విడిది గదులు: ఎన్ని పట్టాలి, ఎప్పుడు వదలాలి

మన పెళ్లిళ్లలో విడిది అంటే ఒక మర్యాద. మగపెళ్లివారు ఊళ్లో దిగేసరికి వాళ్ల కోసం ఒక ఇల్లు సున్నం వేసి సిద్ధంగా ఉండేది. చోటు చాలకపోతే పక్కింటివాళ్లు రెండు గదులు ఇచ్చేవారు, అదీ చాలకపోతే బడి తాళం తీయించేవారు. ఆఖరి బస్సులో ఇంకో పదిమంది దిగినా మరో రెండు చాపలు పరిచేవారు, అంతే. ఆ విడిదికి సాగే గుణం ఉండేది. ఎంతమంది వస్తారో ముందుగా ఎవరూ చెప్పేవారు కారు, చెప్పాల్సిన అవసరమూ ఉండేది కాదు.

బ్రిటన్‌లో ఆ పెళ్లే చేసేటప్పుడు విడిది హోటల్ గదుల్లోకి మారుతుంది. హోటల్ గదికి సాగే గుణం లేదు. ఒక గదిలో ఎందరు పడుకోవచ్చో రాసి ఉంటుంది, అది ఏ తేదీ వరకు మన పేరు మీద ఉంటుందో కూడా రాసి ఉంటుంది. ఆ తేదీ దాటితే గది హోటల్‌కు తిరిగి పోతుంది, లేదా దాని బిల్లు మన మీద పడుతుంది. ఇక్కడి తెలుగు కుటుంబాలు కొన్నింటికి గదుల పని చూసిపెట్టాక, మా అన్నయ్య కూతురి పెళ్లిలో నేనే చేతులు కాల్చుకున్నాక, నాకు తేలిన విషయం ఒకటే. అందరూ ‘ఎన్ని గదులు పట్టాలి’ అని అడుగుతారు. నిజానికి ముందు అడగాల్సింది ‘ఏ రోజు వరకు ఎన్ని వదిలేయవచ్చు’ అని.

హోటళ్లు ఇలా ఒక పెళ్లి పేరు మీద పక్కన పెట్టే గదులను మనవాళ్లు బ్లాక్ అంటారు, ఇక్కడి హోటల్ వాళ్లు ఎక్కువగా అలొకేషన్ అంటారు. అది మూడు రకాలుగా దొరుకుతుంది. మొదటిది మర్యాద కోసం పెట్టి ఉంచేది. హోటల్ పది, పదిహేను గదులు పక్కన పెట్టి ఒక కోడ్ ఇస్తుంది, అతిథులు ఎవరికి వారు ఆ కోడ్‌తో బుక్ చేసుకుని డబ్బు కడతారు, కటాఫ్ తేదీకి మిగిలినవి వాటంతట అవే హోటల్‌కు వెళ్లిపోతాయి. పెళ్లివారికి ఏ బాధ్యతా ఉండదు. రెండోది ఒప్పందం మీద పట్టేది. గదులు ఎక్కువ ఇస్తారు, ధరలో కొంత తగ్గింపు ఇస్తారు, బదులుగా ఇన్ని గదులు నిండకపోతే తేడా మీరు కట్టాలంటారు. మూడోది మొత్తం హోటల్‌నో ఒక భాగాన్నో తీసేసుకోవడం. పల్లెటూళ్లలో పాత కోటలు, మేనర్ ఇళ్లు పెళ్లికి ఇచ్చేవాళ్లు హాలుతో పాటు గదులన్నీ మీరే తీసుకోవాలని షరతు పెడతారు. అక్కడ విడుదల అన్న మాటే లేదు. నిండినా నిండకపోయినా అన్నిటికీ డబ్బు కట్టాలి కాబట్టి దాని గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను.

మొదటి రకం దొరికితే రెండోదాని జోలికి వెళ్లవద్దని నా అభిప్రాయం. గదికి అయిదో పదో పౌండ్లు ఎక్కువైనా సరే. చిన్న చిన్న బ్లాకులు రెండు మూడు హోటళ్లలో పెట్టుకుంటే చాలా పెళ్లిళ్లకు సరిపోతుంది. అయితే హాలున్న హోటల్‌లోనే పెళ్లి చేసేవాళ్లకు ఆ అవకాశం తక్కువ. హాలు ఇచ్చేవాళ్లు గదులు కూడా ఒప్పందంలోనే కలుపుతారు. అప్పుడు తేదీల సంగతి బాగా తెలిసి ఉండాలి.

ఒప్పందం రాసుకునేలోపే ఇంట్లో తేల్చుకోవాల్సిన మాట ఒకటుంది. గదికి డబ్బు ఎవరు కడతారు? బ్రిటిష్ పెళ్లిళ్లలో అతిథి తన గది తానే చూసుకోవడం మామూలే. మన దగ్గర మగపెళ్లివారి విడిది ఆడపెళ్లివారిది. ఇండియా నుంచి వచ్చిన పెదనాన్నను రిసెప్షన్‌లో కార్డు తీయమనడం ఎవరికీ ఇష్టం ఉండదు. లండన్ నుంచి వచ్చే స్నేహితులు మాత్రం తమ గది తామే కట్టుకోవాలనుకుంటారు. ఈ రెండూ ఒకే బ్లాకులో కలిపితే కటాఫ్ దగ్గర తికమక వస్తుంది. పెళ్లివారు కట్టే గదులకు పేర్ల జాబితా పంపితే చాలు, అవి నిండినట్టే. ఎవరికి వారు కట్టుకునే గదులు మాత్రం వాళ్లు నిజంగా బుక్ చేసేదాకా ఖాళీ గదులే. అందుకే రెండు బ్లాకులు, రెండు కోడ్‌లు వేరువేరుగా అడగాలి. మొదటిదాంట్లో మన మాట మీద నడిచేవి, రెండోదాంట్లో వాళ్ల మాట మీద నడిచేవి. తగ్గించాల్సి వస్తే రెండోదాన్నే తగ్గించాలి.

ఇక తేదీలు. ఒక పెళ్లిని తీసుకుని చూద్దాం. బర్మింగ్‌హామ్ పక్కన టివిడేల్‌లో వేంకటేశ్వరస్వామి గుడి ఉంది. 2006లో ప్రతిష్ఠ జరిగిన ఆ గుడికి దేశం నలుమూలల నుంచి తెలుగువాళ్లు వస్తారు. ఆ దగ్గరలో ఒక హాలులో 2026 ఆగస్టు 22, శనివారం, శ్రావణమాసంలో పగటి ముహూర్తానికి పెళ్లి అనుకుందాం. సాయంత్రం రిసెప్షన్. ఆషాఢం వెళ్లాక వచ్చే శ్రావణం ఇక్కడ బడుల వేసవి సెలవుల్లో పడుతుంది. మనవాళ్లకు పిల్లల సెలవులు కలిసొస్తాయి, కానీ అవే సెలవుల్లో దేశమంతా ప్రయాణంలో ఉంటుంది, గదుల ధరలు పైనే ఉంటాయి.

ఈ పెళ్లికి దూరం నుంచి వచ్చేవాళ్లు మూడు రకాలు. హైదరాబాద్, విజయవాడల నుంచి వచ్చే పెద్దవాళ్లు. వాళ్లకు తొమ్మిది గదులు, గురువారం నుంచి సోమవారం దాకా. గ్లాస్గో, న్యూకాజిల్, కార్డిఫ్ లాంటి చోట్ల నుంచి వచ్చే దగ్గరి బంధువులు. వాళ్లు శుక్రవారం రాత్రికే దిగుతారు. మూడోవాళ్లు లండన్, రెడింగ్, స్లౌ, మిల్టన్ కీన్స్ వైపు నుంచి కార్లలో వచ్చే స్నేహితులు. రెండు గంటల దారి కాబట్టి వీళ్లు శనివారం పొద్దున్నే బయల్దేరి ముహూర్తానికి అందుకుంటారు. రిసెప్షన్ అయ్యాక అర్ధరాత్రి పిల్లల్ని వేసుకుని తిరుగు ప్రయాణం చేయలేక శనివారం రాత్రి గది అడుగుతారు, లేదా ఆఖరి నిమిషంలో వెళ్లిపోతారు.

ఇందులో అందరికంటే ముందు గది కావాలని చెప్పేది ఇండియా వాళ్లు. కానీ వస్తామని అందరికంటే ఆలస్యంగా ఖాయం చేయగలిగేది కూడా వాళ్లే. కారణం వీసా. బ్రిటన్ విజిటర్ వీసాకు ప్రయాణానికి మూడు నెలల కంటే ముందు దరఖాస్తు చేసే వీలు లేదు. వేలిముద్రలు ఇచ్చాక నిర్ణయానికి మామూలుగా మూడు వారాలు. ఆగస్టు 15న బయల్దేరేవాళ్లు మే 15కు ముందు దరఖాస్తే పెట్టలేరు. కాగితాలు పోగుచేసుకుని, హైదరాబాద్‌లో అపాయింట్‌మెంట్ దొరికి, జూన్ మొదటివారంలో వేలిముద్రలు ఇచ్చారనుకుందాం. జవాబు జూన్ చివరికి వస్తుంది. మధ్యలో ఏదైనా కాగితం గురించి ప్రశ్న వస్తే జూలైకి జరుగుతుంది.

ఇప్పుడు ఒప్పందం చూడండి. పెళ్లికి ఎనిమిది వారాల ముందు కటాఫ్ అని చాలా హోటళ్లు పెడతాయి. ఆగస్టు 22కు ఎనిమిది వారాల ముందంటే జూన్ 27. వీసా జవాబు రావాల్సిన వారం, గది వదులుకోవాల్సిన వారం ఒకటే అయ్యాయి. ఒక్క రోజు అటూ ఇటూ అయితే మామయ్యగారికి గది వదిలేసినట్టూ కావచ్చు, రాని మామయ్యగారి గదికి నాలుగు రాత్రుల డబ్బు కట్టినట్టూ కావచ్చు. మా ఇంట జరిగింది రెండోది. రెండు కుటుంబాలకు వీసా రాలేదు. కటాఫ్ దాటి తొమ్మిది రోజులైంది. హోటల్ పేరు చెప్పను, వాళ్లు కాగితంలో ఉన్నదే చేశారు. నేనే ఆ కాగితాన్ని వీసా క్యాలెండర్ పక్కన పెట్టి చదవలేదు.

దీనికి మార్గం ఉంది. ఇండియా గదుల బ్లాకుకు వేరే విడుదల తేదీ అడగాలి. తొమ్మిది గదులకు నాలుగు వారాల ముందు తేదీ, అంటే జూలై చివర, ఇవ్వమంటే హోటల్ తరచుగా ఒప్పుకుంటుంది. మొత్తం బ్లాకుకు అడిగితే ఒప్పుకోదు. హోటల్‌కు అర్థమయ్యే మాటలో కారణం చెప్పాలి: ‘వీళ్లు వీసా వచ్చాకే ఖాయమవుతారు, వీసాకు మే కంటే ముందు దరఖాస్తు చేయలేరు.’ ఈ మాట మీద నాకు కాదన్న హోటల్ మేనేజర్ ఇంతవరకు తగల్లేదు. ఒకవేళ అసలే కుదరకపోతే ఆ తొమ్మిది గదులను బ్లాకులో పెట్టకుండా, ముందురోజు దాకా రద్దు చేసుకునే మామూలు ధరకు విడిగా బుక్ చేయడం మేలు. గదికి కొంచెం ఎక్కువవుతుంది, కానీ కటాఫ్ భయం ఉండదు.

తేదీల విషయంలోనే ఇంకో చిన్న చిక్కు ఉంది. పెళ్లి శనివారమైతే దానికి కచ్చితంగా నాలుగు, ఎనిమిది, పన్నెండు వారాల ముందు వచ్చేదీ శనివారమే. మే 30, జూన్ 27, జూలై 25, మూడూ శనివారాలే. హోటల్‌లో గ్రూపు బుకింగులు చూసే ఆఫీసు చాలాచోట్ల శుక్రవారం సాయంత్రం అయిదుకు మూతపడుతుంది. శనివారం రాత్రి మీరు పంపిన ఈమెయిల్‌ను సోమవారం చదువుతారు. అప్పటికి తేదీ దాటిపోయి ఉంటుంది. ఒప్పందంలో వారాల లెక్క కాకుండా తేదీ, గంట రాయించుకోవాలి. అది మంగళవారమో బుధవారమో అయితే ముందు రెండు రోజులు ఫోన్ చేయడానికి మనుషులు దొరుకుతారు.

మీ అతిథులకు చెప్పే తేదీ హోటల్ తేదీ కాకూడదు. హోటల్ తేదీ కంటే రెండు వారాలు ముందుది చెప్పాలి. ఇది మోసం కాదు, మన పద్ధతికి తగ్గ లెక్క. ‘రూమ్ సంగతి తర్వాత చూద్దాంలే బాబాయ్, మేం తప్పకుండా వస్తాం’ అనే మాటలో వస్తామన్నది నిజమే, గది తీసుకుంటామన్నది ఖాయం కాదు. ఆ మాట చెప్పిన వాళ్లకు ఇంకోసారి ఫోన్ చేయడానికి ఆ రెండు వారాలు కావాలి. ఫోన్‌లో ‘వస్తున్నారా?’ అని అడిగితే లాభం లేదు. ‘శుక్రవారం రాత్రి ఎక్కడ పడుకుంటారు? శనివారం రాత్రి ఎక్కడ?’ అని రెండు ప్రశ్నలు అడగాలి. జవాబుల్ని మనుషుల లెక్కన కాకుండా ఇంటి లెక్కన, రాత్రి లెక్కన రాసుకోవాలి.

రాత్రి లెక్కన ఎందుకో ఒప్పందంలోని అట్రిషన్ షరతు చూస్తే తెలుస్తుంది. అట్రిషన్ అంటే పట్టిన గదుల్లో ఇన్ని తగ్గినా ఫరవాలేదని హోటల్ ఇచ్చే సందు. ఎనభై శాతం నిండాలి అంటే ఇరవై శాతం దాకా తగ్గినా మీరు ఏమీ కట్టక్కర్లేదు. చాలామంది శుక్రవారం నలభై, శనివారం నలభై గదులు అని గుండ్రంగా పట్టేస్తారు. మన టివిడేల్ పెళ్లికి అలా పట్టి, గదికి రాత్రికి 95 పౌండ్లు అనుకుందాం. మొత్తం ఎనభై గది-రాత్రులు. ఎనభై శాతం అంటే అరవై నాలుగు నిండాలి.

చివరికి శుక్రవారం ఇరవై రెండు, శనివారం ముప్పై ఆరు నిండాయి. మొత్తం యాభై ఎనిమిది. రెండు రాత్రులూ కలిపి లెక్కకట్టే ఒప్పందమైతే ఆరు తక్కువ, 570 పౌండ్లు కట్టాలి. ఏ రాత్రికి ఆ రాత్రి విడిగా లెక్కకట్టే ఒప్పందమైతే శుక్రవారం ముప్పై రెండు నిండాల్సింది ఇరవై రెండే నిండాయి, పది తక్కువ. శనివారం కావాల్సినదానికంటే నాలుగు ఎక్కువ నిండినా అవి శుక్రవారానికి పనికిరావు. 950 పౌండ్లు కట్టాలి. అతిథులు వాళ్లే, గదులు అవే, కాగితంలో ఒక వాక్యం తేడా.

ఇప్పుడు అదే పెళ్లికి కార్లలో వచ్చేవాళ్లకు శుక్రవారం రాత్రి గది అక్కర్లేదని ముందే గమనించి శుక్రవారం ఇరవై ఆరు, శనివారం నలభై పట్టారనుకోండి. శుక్రవారం కనీసం ఇరవై ఒకటి నిండాలి, ఇరవై రెండు నిండాయి. శనివారం ముప్పై రెండు నిండాలి, ముప్పై ఆరు నిండాయి. ఏ పద్ధతిలో లెక్కకట్టినా పైసా కట్టక్కర్లేదు. బ్లాకు ఆకారం అతిథుల రాకపోకల ఆకారంలో ఉండాలని నేను మళ్లీ మళ్లీ చెప్పేది ఇందుకే. ముహూర్తం ఆదివారం పొద్దున, రిసెప్షన్ శనివారం సాయంత్రం అయితే ఈ లెక్క మొత్తం మారుతుంది. అప్పుడు శనివారం ఒక్క రాత్రే అందరికీ కావాలి, ఆదివారం రాత్రికి ఇండియా వాళ్లు తప్ప ఎవరూ ఉండరు. లగ్నం ఇక్కడి అక్షాంశ రేఖాంశాలకు గుణించి పెట్టించుకున్నాకే గదుల లెక్క మొదలుపెట్టాలి. ముహూర్తం పొద్దున ఏడింటికే అని తేలితే శనివారం ఉదయం లండన్ నుంచి బయల్దేరుదామనుకున్న ఇళ్లన్నీ శుక్రవారానికి మారతాయి.

విడుదల ఒకేసారి కాకుండా మెట్లు మెట్లుగా ఉంటే మంచిది. మామూలుగా కుదిరే పద్ధతి ఇలా ఉంటుంది: పన్నెండు వారాల ముందు దాకా నాలుగో వంతు గదులు ఉచితంగా వదలవచ్చు, ఎనిమిది వారాల దగ్గర ఇంకో పది పదిహేను శాతం, నాలుగు వారాల దగ్గర పేర్ల జాబితా ఇవ్వాలి, అక్కడి నుంచి మిగిలినవన్నీ మీవే. ఇందులో అందరూ వదులుకునే మెట్టు మొదటిదే. పన్నెండు వారాల ముందు పెళ్లి ఇంకా దూరంగా కనిపిస్తుంది, శుభలేఖలు కూడా అచ్చు కాలేదు, గదులు వదిలేస్తే తర్వాత చాలవేమోనని భయం. కానీ మొదటి మెట్టులో వదలగలిగినది రెండో మెట్టుకు కలిసిరాదు. ఆ రోజు వాడకపోతే ఆ హక్కు అక్కడితో పోతుంది. నలభై గదుల్లో పది వదలగలిగిన రోజు అది. లిస్టులో ‘చూద్దాం’ అన్న ఇళ్లు పన్నెండు ఉంటే వాళ్లలో సగం కోసమైనా ఆ రోజు అయిదారు గదులు వదిలేయాలి. తర్వాత నలుగురు అదనంగా వస్తామంటే పక్క హోటల్‌లో మామూలు ధరకు దొరుకుతాయి. వదలకుండా మిగిలిపోయిన గదికి మాత్రం ఇంకో దారి లేదు.

వదలడం అంటే ఫోన్‌లో చెప్పడం కాదు. ఈమెయిల్‌లో ఏ రాత్రికి ఏ రకం గదులు ఎన్ని వదులుతున్నారో రాసి, సవరించిన సంఖ్యతో జవాబు తెప్పించుకోవాలి. ‘అలాగే చూస్తాం’ అన్న మాట మీద ఆగిపోతే పెళ్లయ్యాక బిల్లులో పాత సంఖ్యే కనిపిస్తుంది.

ఒప్పందంలో పెట్టించుకోవాల్సిన షరతు ఇంకొకటుంది. మీరు వాడని గదిని హోటల్ వేరేవాళ్లకు అమ్మితే దాని డబ్బు మీ దగ్గర తీసుకోకూడదు. ఆగస్టు శనివారం రాత్రి హోటల్ నిండిపోయిందంటే మీరు వాడని గదులు కూడా అమ్ముడైనట్టే. ఈ మాట కాగితంలో లేకపోయినా అడగడానికి మనకు చట్టం ఆధారం ఉంది. బ్రిటన్‌లో 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం వినియోగదారుడి మీద న్యాయం కాని భారం వేసే షరతు చెల్లదు. రద్దు ఛార్జీలు వ్యాపారికి నిజంగా కలిగిన నష్టానికి తగ్గట్టు ఉండాలని, ఆ నష్టాన్ని తగ్గించుకునే ప్రయత్నం వ్యాపారి చేయాలని ఇక్కడి పోటీ, మార్కెట్ల నియంత్రణ సంస్థ చాలాకాలంగా చెబుతోంది. కోవిడ్ సమయంలో ఆగిపోయిన పెళ్లిళ్ల విషయంలో 2020లో ఇదే అంశం మీద ప్రత్యేకంగా మాట్లాడింది. అయితే చట్టం పేరు చెప్పి పెళ్లయ్యాక పోట్లాడటం కంటే ముందే ఆ ఒక్క వాక్యం రాయించుకోవడం ఎంతో తేలిక.

చట్టం గురించి మనవాళ్లలో ఒక అపోహ ఉంది. ఆన్‌లైన్‌లో కొన్నదేదైనా పద్నాలుగు రోజుల్లో వెనక్కి ఇచ్చేయవచ్చని అనుకుంటారు. ఫలానా తేదీలకు తీసుకున్న బసకు ఆ హక్కు వర్తించదు. సంతకం పెట్టిన రోజు నుంచే ఒప్పందం నడుస్తుంది. డిపాజిట్ మాత్రం క్రెడిట్ కార్డు మీద కట్టడం మంచిది. ధర వంద పౌండ్లకు పైన, ముప్పై వేలకు మించకుండా ఉన్న కొనుగోలుకు 1974 నాటి వినియోగదారుల రుణ చట్టం కింద కార్డు ఇచ్చిన బ్యాంకు కూడా బాధ్యత వహిస్తుంది. పెళ్లికి ముందే హోటల్ మూతపడితే ఆ రక్షణ పనికొస్తుంది.

ధర విషయంలో అడగాల్సిన ప్రశ్నలు రెండే. గ్రూపు ఆఫీసు చెప్పిన ధరలో ఇరవై శాతం వాట్ కలిసి ఉందా, ఊరి ఛార్జీ ఏదైనా ఉందా? మాంచెస్టర్ నగరం నడిబొడ్డున చాలా హోటళ్లు 2023 ఏప్రిల్ నుంచి గదికి రాత్రికి ఒక పౌండు, దాని మీద వాట్ తీసుకుంటున్నాయి. ఎడిన్‌బరాలో 2026 జూలై 24 నుంచి బస ధర మీద అయిదు శాతం సందర్శకుల సుంకం ఉంది. మొత్తం చిన్నదే, కానీ ముందు చెప్పకపోతే చెకౌట్ దగ్గర ఒక్కో అతిథీ మిమ్మల్నే అడుగుతాడు. రాని అతిథి గదికి హోటల్ తీసుకునే డబ్బు మీద కూడా 2019 మార్చి నుంచి వాట్ ఉంది. కాబట్టి వాడని గదికి పన్ను ఉండదులే అని లెక్క తగ్గించుకోకండి.

బ్లాకు సరిగ్గా నడుస్తోందో లేదో తెలుసుకోవడానికి హోటల్‌ను వారానికోసారి నిండిన గదుల సంఖ్య పంపమని అడగాలి. రాత్రివారీగా ఎన్ని బుక్ అయ్యాయో రెండు అంకెలు పంపినా చాలు. శుభలేఖలు, కోడ్ పంపి మూడు వారాలైనా సంఖ్య కదలకపోతే అతిథులు బద్ధకిస్తున్నారని వెంటనే అనుకోకండి. ముందు మీరే ఆ లింకు తెరిచి చూడండి. నేను చూసిన వాటిలో ఎక్కువసార్లు తప్పు లింకులోనే ఉంది. బ్లాకు శుక్ర, శనివారాలకే ఎక్కించి ఉంటారు. గురువారం దిగాలనుకున్న అతిథి గురువారం తేదీ కొట్టగానే ‘గదులు లేవు’ అని వస్తుంది. ఆయన నిండిపోయిందనుకుని వేరే హోటల్ చూసుకుంటాడు, మనకు ఫోన్ కూడా చేయడు. గురువారం, ఆదివారం రాత్రులకు కూడా అదే ధరకు కొన్ని గదులు ఎక్కించమని ముందే చెబితే ఈ నష్టం తప్పుతుంది. అలాగే కటాఫ్ రోజు వేసవిలో పడితే మన సాయంత్రం అయిదు ఇండియాలో ఉన్నవాళ్లకు రాత్రి తొమ్మిదిన్నర. ‘ఇవాళ ఆఖరి రోజు’ అన్న సందేశం పొద్దున్నే వెళ్లాలి.

సంఖ్య కదలకపోవడానికి ఇంకో కారణం అతిథులు బయట సైట్లలో బుక్ చేసుకోవడం. కొన్నిసార్లు అదే హోటల్ అదే రాత్రికి అక్కడ అయిదు పౌండ్లు తక్కువకు కనిపిస్తుంది. వాళ్లు మన హోటల్‌లోనే ఉంటారు, మన పెళ్లికే వస్తారు, కానీ మన బ్లాకులో లెక్కకు రారు. అట్రిషన్ కట్టాల్సి వచ్చినప్పుడు ఇది ఒళ్లుమండిస్తుంది. ఒప్పందంలో ఒక మాట రాయించుకోండి: పెళ్లివారు ఇచ్చిన పేర్ల జాబితాతో హోటల్ తన రిజర్వేషన్లను సరిచూసి, ఏ దారిలో వచ్చినా ఆ పేర్లన్నీ బ్లాకులో జమ చేయాలి. సమాచార రక్షణ నిబంధనల వల్ల హోటల్ తన అతిథుల జాబితా మీకు ఇవ్వదు, అడగవద్దు కూడా. జాబితా మీరే ఇచ్చి, సరిచూసి సంఖ్య మాత్రమే చెప్పమనాలి.

చివరి నాలుగు వారాల్లో పని అంతా రూమింగ్ లిస్ట్ మీద ఉంటుంది. ఏ గదిలో ఎవరు, ఎన్ని రాత్రులు, ఎలాంటి పడక అన్న జాబితా అది. పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయాలి. హోటల్‌లో బస చేసే పదహారేళ్లు నిండిన వాళ్లందరి పేరు, జాతీయత నమోదు చేయాలని 1972 నాటి నిబంధన ఉంది. జాబితాలో ‘చిన్నత్తయ్య’ అని, పాస్‌పోర్టులో ఇంటిపేరుతో సహా నాలుగు పదాల పేరు ఉంటే రాత్రి పదింటికి విమానం దిగి వచ్చిన ఆవిడ రిసెప్షన్ దగ్గర అరగంట నిలబడాల్సి వస్తుంది. మన పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది, ఇక్కడి కంప్యూటర్‌లో చివర ఎక్కుతుంది. హోటల్ వాళ్లు ఏ పదంతో వెతుకుతారో అడిగి, అది పెద్దవాళ్ల ఫోన్లకు పంపి ఉంచితే మంచిది.

పాత విడిది అలవాటు మళ్లీ బయటికొచ్చేది ఇక్కడే. గదులు తక్కువై ‘ఆ ముగ్గురు పిల్లలూ మా గదిలోనే పడుకుంటారులే వదినా’ అనే మాట వస్తుంది. హోటళ్లు అగ్నిభద్రత లెక్కల మీద గదికి ఇంతమందే అని పెడతాయి. చౌక గొలుసు హోటళ్ల ఫ్యామిలీ గదుల్లో మామూలుగా ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు. అయిదో మనిషికి చాప వేయడానికి ఒప్పుకోరు. అర్ధరాత్రి ప్రమాదం గంట మోగి జనాన్ని బయట లెక్కపెడితే జాబితాలో లేని పిల్లవాడి కోసం ఎవరూ లోపలికి వెళ్లరు. అందుకే ఫ్యామిలీ గదులు ఎన్ని కావాలో బ్లాకు పట్టేటప్పుడే చెప్పాలి, అవే ముందు అయిపోతాయి. రెండు విడి మంచాలున్న గదులూ అంతే. ఇద్దరు అత్తయ్యలు కలిసి ఉంటామంటే ‘డబుల్’ అని రాస్తే ఒకే మంచం వస్తుంది, ‘ట్విన్’ అని రాయాలి. మెట్లు ఎక్కలేని వాళ్లకు, కూర్చుని స్నానం చేయాల్సిన వాళ్లకు సరిపోయే గదులు చాలా హోటళ్లలో కొన్నే ఉంటాయి. వాటిని బ్లాకులో సంఖ్యగా కాకుండా మొదటిరోజే ఆ మనిషి పేరు మీద పట్టాలి. విడుదల మెట్లలో పొరపాటున కూడా అవి పోకుండా ఈమెయిల్‌లో వాటిని విడిగా రాయాలి.

పేర్లు మార్చుకునే హక్కు ఎప్పటిదాకా ఉందో కూడా చూసుకోవాలి. పేరు మార్పు రద్దు కాదు. చాలా హోటళ్లు ముందురోజు దాకా ఒప్పుకుంటాయి. మా ఇంట వీసా రాని రెండు గదుల్లో ఒకదాన్ని నేను ఆ రకంగానే కాపాడగలిగాను. లండన్ నుంచి కారులో వచ్చే ఒక కుటుంబం శనివారం రాత్రి వెళ్లిపోదామనుకుంది. మామయ్యగారి గది ఖాళీగా ఉంది, ఉండిపొమ్మని వదిన ఫోన్ చేసింది. పేరు మారింది, గది నిండింది. రెండో గది నాలుగు రాత్రుల బిల్లు కట్టాను.

ఆదివారం మధ్యాహ్నం గదులు ఖాళీ అయ్యాక చేయాల్సిన పని ఒకటి మిగులుతుంది. అప్పగింతల అలసటలో అందరూ దాన్ని వారం తర్వాతకు వాయిదా వేస్తారు. ఆ రోజే, హోటల్ వదలకముందే, మన రూమింగ్ లిస్ట్‌ను, మనం పంపిన విడుదల ఈమెయిళ్లను పక్కన పెట్టుకుని బిల్లు రాత్రివారీగా చదవాలి. శుక్రవారం ఎన్ని, శనివారం ఎన్ని, రానివాళ్లవి ఎన్ని, అందులో హోటల్ తిరిగి అమ్మినవి ఎన్ని. ఆ రాత్రి ఎన్ని గదులు నిండాయో రిసెప్షన్‌లో ఉన్నవాళ్లకు ఇంకా గుర్తుంటుంది. హోటల్ నిండిపోయి, మన వాడని గదికి కూడా డబ్బు వేసి ఉంటే ఆ గీత అక్కడే కొట్టించవచ్చు.